పీఎం కిసాన్‌కు మొదటిసారి దరఖాస్తు చేసే రైతు కోసం వీడియో స్క్రిప్టు ఎలా రాయాలి

ప్రధాన మంత్రి కిసాన్ సమ్మాన్ నిధి మీద తెలుగులో వీడియోలకు కొదవ లేదు. వాటిలో చాలా భాగం, ఇదివరకే పేరు నమోదైన రైతుకు ఈ విడత డబ్బు ఎప్పుడు పడుతుందో చెప్పేవే. తండ్రి కాలం చేశాక పొలం తన పేరు మీదికి మారి, జీవితంలో మొదటిసారి ఈ పథకానికి దరఖాస్తు చేసుకోబోయే మనిషికి పనికివచ్చే వీడియో దొరకడం కష్టం. అలాంటి రైతు కోసం ఆరేడు నిమిషాల వీడియోకు మాటలు ఎలా రాసుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తాను. మీరు గ్రామ సేవా కేంద్రంలో పనిచేస్తున్నా, సొంతంగా యూట్యూబ్ ఛానల్ నడుపుతున్నా, మీ ఊరి వాట్సాప్ గ్రూపు కోసం ఒక్క వీడియో చేయాలనుకుంటున్నా ఈ పద్ధతి సరిపోతుంది.

మొదట ఒక రైతును, ఒక పొలాన్ని అనుకోండి

‘రైతులందరికీ’ అని రాయడం మొదలుపెడితే ప్రతి వాక్యంలోనూ ‘ఒకవేళ’ అనే మాట వచ్చి కూర్చుంటుంది. ఒకవేళ భూమి ఉమ్మడిగా ఉంటే, ఒకవేళ ఆధార్‌లో పేరు తప్పుంటే, ఒకవేళ రైతు మహిళ అయితే అంటూ పోతే, వినే మనిషికి తన దారి ఏదో తెలియకుండానే వీడియో అయిపోతుంది. అందుకే ఒక రైతును మనసులో నిలుపుకొని రాయాలి. ఈ వ్యాసం పొడుగునా మనం అనుకునే రైతుకు 2 ఎకరాల 20 గుంటల పొలం ఉంది. ఆ పొలం తండ్రిది. తండ్రికి పీఎం కిసాన్ డబ్బు వచ్చేది. ఆయన 2022లో చనిపోయారు, వారసత్వ మార్పిడి పూర్తయి కొత్త పాసుపుస్తకం కొడుకు పేరున వచ్చింది. కొడుక్కు పెళ్లయింది, బ్యాంకులో రెండు ఖాతాలున్నాయి, ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు ఆయన తమ్ముడిది, ఆ తమ్ముడు హైదరాబాదులో ఉంటాడు. ఊళ్లల్లో మామూలుగా కనిపించే పరిస్థితే ఇది. ఇందులో చిక్కు పెట్టే చోట్లన్నీ ఉన్నాయి కనుక, ఈ ఒక్క మనిషిని చివరిదాకా నడిపించగలిగితే మిగిలినవాళ్లు తమకు కావలసింది అందులోంచే తీసుకోగలుగుతారు.

మాట రాయకముందు ఒక దరఖాస్తు జరుగుతుండగా పక్కన కూర్చోండి

స్క్రిప్టుకు ముడిసరుకు మార్గదర్శకాల పుస్తకంలో దొరకదు. నిజంగా దరఖాస్తు చేస్తున్న ఒక రైతు పక్కన, ఆయన అనుమతితో, నోటుపుస్తకం పట్టుకుని కూర్చోండి. ప్రతి తెర మీద ఏం రాసి ఉందో ఒక పక్క, ఆ తెర చూసి ఆయన నోటి వెంట వచ్చిన మొదటి మాట ఏమిటో రెండో పక్క రాసుకోండి. ఆయన ఎక్కడ వేలు ఆపారో అక్కడ గీత గీయండి. నేను ఇలా కూర్చున్న ఒకరోజు, సర్వే నంబరు అడిగిన గడి దగ్గర కాక, దాని పక్కనున్న విస్తీర్ణం గడి దగ్గర ఆ రైతు చాలాసేపు ఆగిపోయాడు. ‘నాది రెండున్నర. ఇదేమో ఒప్పుకోవట్లేదు సార్, ఏదో వేరే లెక్క అడుగుతోంది’ అన్నాడు. ఆ ఒక్క మాట నా స్క్రిప్టులో ముప్ఫై సెకన్ల భాగమైంది. ఆ లెక్క సంగతి ముందుకు వెళ్లాక చెబుతాను.

వేలు ఆగిన చోట్లు సాధారణంగా నాలుగైదే ఉంటాయి. వీడియో సమయంలో సగానికి పైగా వాటికే ఇవ్వండి. పేరు, ఊరు నింపే గళ్ల గురించి ఒక్క వాక్యం చాలు.

అర్హతను నిర్వచనంగా కాకుండా ప్రశ్నలుగా అడగండి

చాలా వీడియోలు ‘ఈ పథకాన్ని 2019 ఫిబ్రవరి 24న ప్రారంభించారు’ అని మొదలవుతాయి. దరఖాస్తుదారుకు ఆ తేదీతో పని లేదు. ఆయనకు పనికివచ్చే తేదీ 2019 ఫిబ్రవరి 1. ఆ రోజు నాటికి భూమి రికార్డుల్లో పేరున్న రైతు కుటుంబాలకే ఈ పథకం వర్తిస్తుంది. ఆ తరవాత భూమి కొనుక్కున్నవారికి రాదు. భూయజమాని చనిపోయి వారసత్వంగా భూమి వచ్చినవారికి మాత్రం ఈ తేదీ అడ్డు రాదు. కౌలుకు సాగుచేసుకునే రైతుకు, ఎంత సాగుచేసినా, ఈ పథకంలో చోటు లేదు. ఈ సంగతి చెప్పడం బాధగానే ఉంటుంది. అయినా మొదటి నిమిషంలోనే చెప్పాలి. ఆరు నిమిషాలు చూసి, పనిదినం పోగొట్టుకుని సేవా కేంద్రానికి వెళ్లి, అక్కడ కాదనిపించుకోవడం కన్నా ఇంట్లోనే తెలియడం ఆ మనిషికి మేలు.

మార్గదర్శకాల భాషలో ఇది ‘సాగుయోగ్యమైన భూమిని కలిగియున్న రైతు కుటుంబము’ అని ఉంటుంది. స్క్రిప్టులో అది ఇలా మారాలి:

> ‘ఒక్క నిమిషం ఆగి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి. ఒకటి, పాసుపుస్తకం మీ పేరు మీద ఉందా? రెండు, ఆ పొలం మీ పేరు మీదికి ఎట్లా వచ్చింది? 2019 ఫిబ్రవరి ఒకటో తారీఖు కంటే ముందే మీ పేరున ఉంటే సరే. ఆ తర్వాత నాన్నగారో అమ్మగారో కాలం చేసి మీ పేరు మీదికి వచ్చినా సరే. ఆ తర్వాత కొనుక్కున్నదైతే మాత్రం ఈ పథకం కింద రాదు. కౌలుకు చేసేవాళ్లకు కూడా రాదు.’

ఇందులో వాక్యాలు చిన్నవిగా ఉన్నాయి, ‘సరే’, ‘రాదు’ అన్న మాటలు ప్రతిసారీ వాక్యం చివరనే వచ్చాయి. చెవితో వినే మనిషి వాక్యం చివరి మాటనే గట్టిగా పట్టుకుంటాడు కాబట్టి, నిర్ణయం తెలిపే మాటను అక్కడే ఉంచాలి.

రానివారి జాబితా పొడవుగా ఉంటుంది. రాజ్యాంగ పదవుల్లో ఉన్నవారి గురించి, మంత్రుల గురించి మన వీడియోలో చెప్పనక్కర లేదు, వాళ్లు ఈ వీడియో చూడరు. మన రైతు ఇంట్లో ఎదురయ్యే మినహాయింపులు మూడు నాలుగే. కిందటి అంచనా సంవత్సరంలో ఆదాయపు పన్ను కట్టినవారు, నాలుగో తరగతి ఉద్యోగులు తప్ప మిగతా ప్రభుత్వోద్యోగులు, నెలకు 10,000 రూపాయలు లేదా అంతకు మించి పింఛను తీసుకునే విశ్రాంత ఉద్యోగులు, నమోదై వృత్తి చేస్తున్న డాక్టర్లు, ఇంజనీర్లు, లాయర్లు. ఈ పథకంలో కుటుంబం అంటే భార్య, భర్త, మైనరు పిల్లలు. భార్య ఉపాధ్యాయురాలైతే భర్త పేరున పొలమున్నా ఆ కుటుంబానికి రాదు. దీన్ని స్క్రిప్టులో ఉదాహరణగానే చెప్పండి, ఎందుకంటే ‘కుటుంబంలో ఎవరైనా’ అంటే మన ఊళ్లో అన్నదమ్ములు, తల్లిదండ్రులు అందరూ గుర్తొస్తారు. వేరుపడిన అన్నదమ్ములిద్దరి పేరున విడివిడిగా పాసుపుస్తకాలుంటే వారివి రెండు కుటుంబాలని కూడా అదే ఊపులో చెప్పేయవచ్చు.

ఇక్కడే ఇంకొక గందరగోళాన్ని తీర్చాలి. ఆంధ్రప్రదేశ్‌లో అన్నదాత సుఖీభవ, తెలంగాణలో రైతు భరోసా ఉన్నాయి. రైతులు మూడింటినీ కలిపి ‘ప్రభుత్వం వేసే పైసలు’ అంటారు. ముఖ్యంగా తెలంగాణ రైతుకు ఎకరం లెక్కన డబ్బు రావడం అలవాటు కనుక, పీఎం కిసాన్ కూడా అలాగే వస్తుందని అనుకుంటాడు. ‘ఇది కేంద్రం ఇచ్చేది. ఎకరం ఉన్నా పదెకరాలున్నా కుటుంబానికి ఏడాదికి ఆరు వేలే. మూడు సార్లుగా, రెండేసి వేలు పడుతుంది’ అని రెండు ముక్కల్లో తేల్చేయండి.

తండ్రి పేరున వస్తున్న డబ్బు సంగతి

మన రైతు తండ్రికి ఈ డబ్బు వచ్చేదని అనుకున్నాం. చనిపోయిన మనిషి పేరున ఉన్న నమోదు కొడుక్కు దానంతటదే బదిలీ కాదు. తండ్రి మరణం గురించి వ్యవసాయ శాఖ సిబ్బందికి తెలియజేసి ఆ పేరును ఆపించాలి, కొడుకు కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి. మరణించాక కూడా తండ్రి ఖాతాలో విడతలు పడి ఉంటే, వాటిని తిరిగి కట్టమని అడిగే అవకాశం ఉంది. ఈ మాట వినగానే రైతు బెదిరిపోయి దరఖాస్తే మానుకోవచ్చు. కాబట్టి బెదిరింపులా వినిపించకుండా రాయాలి:

> ‘నాన్నగారు కాలం చేశాక కూడా ఆయన ఖాతాలో ఈ డబ్బు పడిందా? పడి ఉంటే కంగారు పడకండి. మరణ ధ్రువీకరణ పత్రం జిరాక్సు తీసుకెళ్లి మీ ఊరి వ్యవసాయ అధికారికి చూపించండి. ఆ డబ్బు వెనక్కి ఎట్లా కట్టాలో వాళ్లే చెబుతారు. ఆ పని చేశాకే మీ పేరుతో దరఖాస్తు పెట్టండి.’

‘మరణించిన లబ్ధిదారు’ అనే మాటను ఇక్కడ వాడకండి. వింటున్నది ఆయన కొడుకు. ‘కాలం చేశాక’ అన్నా ‘పోయాక’ అన్నా మర్యాదగానే ఉంటుంది. వారసత్వ మార్పిడికి తెలంగాణలో ‘విరాసత్’ అనే మాట వాడుకలో ఉంది, ఆంధ్రలో ‘మ్యుటేషన్’ అంటే అందరికీ తెలుస్తుంది. మీ వీడియో ఏ జిల్లా వాళ్ల కోసమో ఆ మాటే పెట్టండి. రెండు రాష్ట్రాలకూ ఒకటే వీడియో అయితే ‘పొలం మీ పేరు మీదికి ఎక్కడం’ అనండి, ఇద్దరికీ అర్థమవుతుంది. వ్యవసాయ అధికారి విషయమూ అంతే. ఆంధ్రలో రైతు సేవా కేంద్రం సహాయకులు, తెలంగాణలో ఏఈఓ అని విడిగా చెప్పాలి.

కావలసినవన్నీ ఫోన్ తీయకముందే చేతిలో ఉండేలా రాయండి

వెబ్‌సైటు తెరిచే దృశ్యానికి ముందు ఒక సామగ్రి దృశ్యం పెట్టండి. మంచం మీదో బల్ల మీదో వరసగా పెట్టిన పాసుపుస్తకం, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, మరణ ధ్రువీకరణ పత్రం చూపిస్తూ ఒక్కొక్క దాని పేరు చెబితే చాలు. రైతు రిజిస్ట్రీ మొదలైన రాష్ట్రాల్లో కొత్త దరఖాస్తుదారును రైతు గుర్తింపు సంఖ్య కూడా అడుగుతున్నారు కాబట్టి, అది ఉంటే ఆ కాగితాన్నీ పక్కన పెట్టుకోమనండి, లేకపోతే ముందు దానికోసం వ్యవసాయ సిబ్బందిని కలవమనండి.

వీటన్నిటికంటే ముఖ్యమైన సామగ్రి ఫోన్. ఓటీపీ ఆధార్‌కు ఇచ్చిన నంబరుకే వస్తుంది. మన రైతు విషయంలో ఆ ఫోన్ హైదరాబాదులో తమ్ముడి జేబులో ఉంది. ఓటీపీ కొద్ది నిమిషాల్లో చెల్లకుండా పోతుంది. తమ్ముడు డ్యూటీలో ఉండి ఫోన్ ఎత్తకపోతే మళ్లీ మొదటికి రావలసిందే. అందుకే ఈ మాట ఓటీపీ తెర వచ్చినప్పుడు కాకుండా, ఐదారు తెరల ముందే రావాలి:

> ‘ఆధార్ తీసుకున్నప్పుడు ఏ ఫోన్ నంబరు ఇచ్చారో గుర్తు తెచ్చుకోండి. ఆ ఫోన్ ఎవరి దగ్గరుంది? తమ్ముడి దగ్గరుంటే ముందే ఫోన్ చేసి, ఫలానా టైముకు ఒక నంబరు వస్తుంది, వెంటనే చదివి చెప్పమని చెప్పిపెట్టండి. ఆ నంబరు ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరు అడిగినా చెప్పకండి.’

ఆ చివరి వాక్యాన్ని తప్పక ఉంచండి. ఓటీపీని ఫోనులో చదివి చెప్పడం మనమే నేర్పిస్తున్నప్పుడు, దాని హద్దు కూడా అదే ఊపిరిలో చెప్పాలి. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో నకిలీ యాప్ ఫైళ్లు తిరుగుతున్నాయి, వాటిని నొక్కి డబ్బు పోగొట్టుకున్నవారు ఉన్నారు. చిరునామాను ‘పీఎంకిసాన్ డాట్ జీఓవీ డాట్ ఇన్’ అని నెమ్మదిగా పలుకుతూ, తెర మీద `pmkisan.gov.in` అని పెద్ద అక్షరాలతో చూపించండి. వీడియో కింద లింకు ఇచ్చినా, లింకు నొక్కమని నోటితో చెప్పకండి. లింకు నొక్కే అలవాటే ఆ మోసాలకు దారి.

తెర మీది మాటకూ ఊరి మాటకూ ముడి వేయండి

దరఖాస్తు పేజీలోని గళ్ల పేర్లు ఇంగ్లిషులో ఉంటాయి. వాటిని తెలుగులోకి అనువదించి చెబితే రైతు ఆ తెలుగు మాటను తెర మీద వెతుకుతాడు, అది కనిపించదు. ఇంగ్లిషులోనే చదివి వదిలేస్తే దాని అర్థం తెలియదు. కాబట్టి ప్రతి గడికీ మూడు పనులు వరసగా చేయండి. తెర మీద ఉన్న మాటను ఉన్నట్టు పలకండి, అది ఎక్కడుందో చెప్పండి, తరవాత దానికి ఊరి మాట చెప్పండి. ‘కుడి పక్కన కిందికి Farmers Corner అని ఉంది. అందులో New Farmer Registration అని ఉన్న డబ్బాను నొక్కండి. కొత్త రైతు పేరు ఎక్కించడం అన్నమాట’ అన్నట్టు సాగాలి. తరవాతి తెరలో Rural, Urban అని రెండు ఉంటాయి. ‘పొలం పల్లెలో ఉంటే మొదటిది, మునిసిపాలిటీ హద్దులో ఉంటే రెండోది’ అంటే సరిపోతుంది.

భూమి వివరాల గళ్ల దగ్గర ఈ ముడి అన్నిటికంటే అవసరం. ఆ ఫారం దేశమంతటికీ ఒకటే కనుక, Survey/Khata No. అనే గడి పక్కన Dag/Khasra No. అనే గడి కూడా ఉంటుంది. ఆ డాగ్, ఖస్రా అనేవి ఉత్తరాది, తూర్పు రాష్ట్రాల రెవెన్యూ మాటలు. మన పాసుపుస్తకంలో ఆ పేర్లు కనిపించవు. వాటిని చూడగానే తన దగ్గర ఏదో కాగితం తక్కువైందని రైతు అనుకుంటాడు. పాసుపుస్తకం పేజీని తెరకు సగం, ఫారాన్ని సగం పెట్టి, ఖాతా నంబరు మీద వేలు పెట్టి అది ఏ గడిలోకి వెళుతుందో, సర్వే నంబరు మీద వేలు పెట్టి అది ఏ గడిలోకి వెళుతుందో చూపించండి. ఇక్కడ చూపు మాట కంటే బాగా పనిచేస్తుంది కాబట్టి స్క్రిప్టులో మాట తగ్గించి, వేలు కదలడానికి సమయం వదలండి.

ఇక విస్తీర్ణం. ఆ గడి హెక్టార్లలో అడుగుతుంది. తెలంగాణ రైతుకు పొలం ఎకరాలు, గుంటలు. ఆంధ్ర రైతుకు ఎకరాలు, సెంట్లు. ఎకరానికి 40 గుంటలు, లేదా 100 సెంట్లు. ఒక ఎకరం 0.4047 హెక్టార్లకు సమానం. 2 ఎకరాల 20 గుంటలంటే 2.5 ఎకరాలు, అంటే దాదాపు 1.01 హెక్టార్లు. నా నోటుపుస్తకంలోని రైతు అక్కడ 2.20 అని వేశాడు. పాసుపుస్తకంలో 2-20 అనే ఉంది కనుక అది ఆయనకు సరిగ్గానే కనిపించింది. కానీ ఫారం దాన్ని 2.20 హెక్టార్లుగా, అంటే దాదాపు ఐదున్నర ఎకరాలుగా తీసుకుంటుంది. రెవెన్యూ రికార్డుతో పోల్చినప్పుడు లెక్క కలవక దరఖాస్తు వెనక్కి రావడానికి ఇదే చాలు. స్క్రిప్టులో ఇలా రాయండి:

> ‘ఇక్కడ ఎకరాలు వేయకూడదు, హెక్టార్లు వేయాలి. ముందు గుంటల్ని ఎకరాల్లోకి మార్చుకుందాం. ఇరవై గుంటలంటే అర ఎకరం. అంటే మన పొలం రెండున్నర ఎకరాలు. ఇప్పుడు ఫోనులో క్యాలిక్యులేటర్ తెరవండి. రెండు పాయింట్ ఐదు, ఇంటూ, సున్నా పాయింట్ నలభై నాలుగు... కాదు, తెర మీద చూసి వేయండి: 0.4047. వచ్చింది ఒకటి పాయింట్ సున్నా ఒకటి. గడిలో అదే వేయండి.’

మధ్యలో ‘కాదు, తెర మీద చూసి వేయండి’ అన్నది నేను కావాలనే ఉంచాను. నాలుగు దశాంశాల అంకెను చెవితో విని వేయడం ఎవరికీ కుదరదు. అంకెలు ఎక్కువైన చోట నోరు ఆగి కన్ను పని చేయాలి. మీ స్క్రిప్టులో ఎడమవైపు ‘కనిపించేది’, కుడివైపు ‘వినిపించేది’ అని రెండు నిలువు వరసలు పెట్టుకుంటే, ఏ సమాచారం ఏ వరసలోకి వెళ్లాలో రాస్తున్నప్పుడే తెలుస్తుంది.

‘ఆధార్ లింకు’ అనే మాటను విడదీయండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుంచుకుంటానంటే దీన్నే గుర్తుంచుకోమంటాను. నేను మొదట రాసిన స్క్రిప్టులో ‘మీ బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం చేయించుకోండి’ అని ఒక వాక్యం ఉండేది. విన్నవాళ్లందరూ ‘అది ఎప్పుడో అయిపోయింది’ అనుకున్నారు. ఖాతా తెరిచినప్పుడు ఆధార్ జిరాక్సు ఇచ్చారు కనుక వాళ్లు అనుకున్నది నిజమే. అయినా కొందరికి డబ్బు రాలేదు. ఎందుకంటే ఇక్కడ రెండు వేర్వేరు పనులకు మనం ఒకటే పేరు పెట్టాం. ఖాతాదారు ఎవరో తెలుసుకోవడానికి బ్యాంకు తన రికార్డులో ఆధార్ నంబరు రాసుకోవడం ఒకటి. ఈ ఆధార్ మీద వచ్చే ప్రభుత్వ డబ్బు ఈ ఖాతాలోనే పడాలని జాతీయ చెల్లింపుల సంస్థ పట్టికలో నమోదు చేయించడం రెండోది. పీఎం కిసాన్ డబ్బుకు కావలసింది రెండోది. ఒక ఆధార్‌కు ఆ పట్టికలో ఒక సమయాన ఒక ఖాతానే ఉంటుంది. చివరగా ఏ ఖాతాను అలా నమోదు చేయించారో డబ్బు అందులోకే పోతుంది. దరఖాస్తులో వేరే ఖాతా నంబరు ఇచ్చామని రైతు ఆ ఖాతానే చూస్తూ కూర్చుంటాడు. మన రైతుకు రెండు ఖాతాలున్నాయని అనుకున్నది ఇందుకే.

దీనికి నాకు దొరికిన ఊరి మాట ‘సర్కారు డబ్బు పడే ఖాతా’. ‘గ్యాస్ సబ్సిడీ పడే ఖాతా’ అంటే ఇంకా త్వరగా అర్థమవుతుంది. కానీ ఆధార్ లేకుండా నేరుగా ఖాతా నంబరు మీద సబ్సిడీ పొందేవారూ ఉన్నారు కాబట్టి, దాన్ని గుర్తు పట్టడానికి ఒక ఆనవాలుగా మాత్రమే వాడండి. నిర్ధారణకు రైతును `myaadhaar.uidai.gov.in` లోకి తీసుకెళ్లి, ఆధార్ నంబరు, ఓటీపీతో లోపలికి వెళ్లాక Bank Seeding Status అనే చోట ఏ బ్యాంకు పేరుందో చూపించండి. స్క్రిప్టు ఇలా ఉండవచ్చు:

> ‘ఇక్కడ మీకు ఒక బ్యాంకు పేరు కనిపిస్తుంది. సర్కారు డబ్బు పడేది ఆ బ్యాంకులోనే. మీరు వాడే బ్యాంకు అదేనా? అయితే ఇంకేం చేయక్కర్లేదు. వేరే బ్యాంకు పేరుంటే, లేదా ఏ పేరూ లేకపోతే, మీరు వాడే బ్యాంకుకు వెళ్లి ఇట్లా అడగండి: సబ్సిడీ డబ్బు ఈ ఖాతాలో పడేటట్టు నా ఆధార్‌ను సీడింగ్ చేయండి.’

బ్యాంకు కౌంటరు దగ్గర ఏం అడగాలో ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టు ఇవ్వడం చాలా అవసరం. ‘ఆధార్ లింకు చేయండి’ అంటే గుమాస్తా తన తెర చూసి ‘ఉంది కదా’ అని పంపించేస్తాడు. ‘సీడింగ్’ ఇంగ్లిషు మాటే అయినా కౌంటరు వెనక వాడేది అదే కాబట్టి, స్క్రిప్టులో దాన్ని రెండుసార్లు నెమ్మదిగా పలికించండి, తెర మీద తెలుగు లిపిలోనే పెద్దగా వేయండి.

ఈ-కేవైసీ గురించి ఇంత చెప్పనక్కర లేదు. ఆధార్ ఓటీపీతో వెబ్‌సైటులో, వేలిముద్రతో సేవా కేంద్రంలో, ముఖం చూపించి పీఎం కిసాన్ యాప్‌లో, ఈ మూడు దారుల్లో ఏదైనా ఒకటి చాలని చెప్పండి. మన రైతు తమ్ముడి ఫోన్ మీద ఆధారపడి ఉన్నాడు కనుక ఆయనకు వేలిముద్ర దారే సులువు. చేనుపనిలో వేలి గీతలు అరిగినవారికి యంత్రం పట్టకపోతే ముఖం చూపించే దారి ఉందని ఒక మాట కలపండి.

దరఖాస్తు పెట్టాక జరిగేది చెప్పి ముగించండి

చాలా వీడియోలు ‘సబ్మిట్ నొక్కండి, అంతే’ అని ఆగిపోతాయి. మొదటిసారి పెట్టే మనిషికి అసలు దిగులు అక్కడినుంచే మొదలవుతుంది. దరఖాస్తు కింది స్థాయి నుంచి రాష్ట్ర స్థాయిదాకా అధికారుల పరిశీలనకు వెళుతుంది. అది ఆగినట్టు కనిపించగానే ఇంకొక కేంద్రానికి వెళ్లి మళ్లీ పెట్టేవారున్నారు, అలా చేయవద్దని స్పష్టంగా చెప్పాలి. నమోదు సంఖ్యను పాసుపుస్తకం అట్ట లోపలివైపు రాసుకోమనండి, అది ఆ ఇంట్లో ఎప్పటికీ పోని చోటు.

ఆ తరవాత Know Your Status పేజీలో రైతు చూడవలసినవి మూడే: భూమి వివరాలు కలిశాయా, ఈ-కేవైసీ అయిందా, ఆధార్ సీడింగ్ అయిందా. మూడింటికీ ఎదురుగా అవును అని ఉండాలి. ఏదైనా కాదు అని ఉంటే ఎవరి దగ్గరికి వెళ్లాలో జతగా చెప్పండి. మొదటిది కాదంటే వ్యవసాయ, రెవెన్యూ సిబ్బంది దగ్గరికి, రెండోది కాదంటే సేవా కేంద్రానికి, మూడోది కాదంటే బ్యాంకుకు. ఈ మూడు జతలతో ఒక పలకను తయారుచేసి పది సెకన్లు కదలకుండా చూపిస్తే, చాలామంది దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకుంటారు. సహాయ కేంద్రం నంబరు 155261ను కూడా ఆ పలక మీదే వేయండి.

గట్టిగా చదవండి, తరవాత రికార్డు చేయండి

రాసిన స్క్రిప్టును కూర్చుని మౌనంగా దిద్దితే లోపాలు కనిపించవు. లేచి నిలబడి గట్టిగా చదువుతూ గడియారం చూసుకోండి. తెలుగు మాటలు పొడవైనవి కాబట్టి, తొందరపడకుండా చెబితే నా అనుభవంలో నిమిషానికి 90 నుంచి 100 మాటలకు మించవు. ఏడు నిమిషాల వీడియోలో వేలు కదిలే ఖాళీలు పోగా 500 మాటలు సరిపోతాయి. చదువుతుండగా మధ్యలో ఊపిరి పీల్చవలసి వచ్చిన వాక్యాన్ని రెండు ముక్కలు చేయండి. ‘చేయబడును’, ‘పొందగలరు’, ‘నిమిత్తము’ వంటి మాటలు వస్తే నోరు వాటి దగ్గర తడబడుతుంది, అక్కడే మార్చేయండి.

ఆ తరవాత స్క్రిప్టును ఇంట్లోనో పక్కింట్లోనో దరఖాస్తుతో సంబంధం లేని ఒక పెద్దావిడకు చదివి వినిపించి, ‘అర్థమైందా’ అని అడగకండి, ఎవరైనా అయిందనే అంటారు. ‘పిన్నీ, ఇప్పుడు ఆ అబ్బాయి ముందు ఏం చేయాలంటావు’ అని అడగండి. ఆవిడ తన మాటల్లో చెప్పేది మీ స్క్రిప్టు కంటే బాగుంటే ఆ మాటలనే తీసుకోండి. ‘ఓటీపీ గడువు ముగియకముందే నమోదు చేయండి’ అని నేను రాసిన వాక్యాన్ని ఒకావిడ ‘నంబరు చల్లారకముందే కొట్టెయ్యాలి’ అని చెప్పారు. వీడియోలో అదే ఉంది.

రికార్డు చేసేటప్పుడు, అసలు వెబ్‌సైటులో కల్పిత వివరాలతో దరఖాస్తు పెట్టకండి. నిజంగా దరఖాస్తు చేస్తున్న మనిషి ఒప్పుకుంటే ఆయన తెరను రికార్డు చేసి, ఆధార్, ఖాతా, ఫోన్, సర్వే నంబర్లను కూర్పు దశలో పూర్తిగా కప్పండి. మసకగా చేయడం కంటే నల్ల పట్టీ వేయడం మంచిది. పాసుపుస్తకం చూపించే దృశ్యంలో ఫొటో, పేరు కూడా కప్పాలి. విడత సంఖ్య, విడుదల తేదీ, ఈ-కేవైసీ గడువు వంటివి నోటితో చెప్పకండి. అవి మారినప్పుడల్లా వీడియో తప్పవుతుంది, వాటిని వీడియో కింద రాస్తే దిద్దుకోవచ్చు. ఒక్కొక్క తెరకు గొంతును విడి ముక్కగా రికార్డు చేసి పెట్టుకోండి. రేపు వెబ్‌సైటులో ఒక గడి మారితే ఆ ముక్కను మాత్రం మళ్లీ చెప్పి అతికించవచ్చు, వీడియో మొదట్లోనే ‘దీన్ని ఫలానా నెలలో తీశాం’ అని చెబితే పాత తెర చూసిన రైతు తన ఫోనే పాడైందనుకోడు.